‘ఓ, నైస్’ అన్నాక ఏం మాట్లాడాలి?

ప్రశ్న: ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో ఆరేళ్లుగా టెస్టింగ్ చేస్తున్నాను. ఈ మధ్య మా రంగం వాళ్ల నెట్‌వర్కింగ్ కార్యక్రమాలకు వెళ్లాల్సి వస్తోంది. పలకరించడానికి నాకేమీ భయం లేదు. దగ్గరికెళ్లి పేరు చెప్పి, ‘ఫలానా కంపెనీలో క్యూఏ ఇంజనీర్‌ని’ అంటాను. వాళ్లూ పేరు, ఉద్యోగం చెబుతారు. నేను ‘బాగుందండీ’ అంటాను, వాళ్లు ‘ఓ, నైస్’ అంటారు. ఇక ఇద్దరం నవ్వుమొహాలతో నిలబడిపోతాం. ఎన్నేళ్లుగా చేస్తున్నారు, టీమ్‌లో ఎంతమంది అని అడుగుతుంటే నాకే ఇంటర్వ్యూ చేస్తున్నట్టు ఉంటుంది. మొన్న రెండు గంటల్లో పదకొండు మందిని కలిశాను. ఇంటికొచ్చాక ఒక్కరి పేరూ గుర్తు రాలేదు. నంబర్ అడగాలంటే మహా మొహమాటం. ఆ మొదటి నిమిషం దాటి అసలు మాటల్లోకి ఎలా వెళ్లాలి?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరంలో నా కన్ను ముందు పడింది ఆ పదకొండు మీద. రెండు గంటల్లో పదకొండు మందంటే మనిషికి పదకొండు నిమిషాలు కూడా రాదు. ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి నడవడం, మధ్యలో గోడ పక్కన నిలబడి ఫోన్ చూసుకోవడం తీసేస్తే ఇంకా తక్కువ. అంటే ఆ సాయంత్రమంతా మీరు ఒకే మొదటి నిమిషాన్ని పదకొండు సార్లు మాట్లాడారన్నమాట. ఈసారి వెళ్లినప్పుడు ముగ్గురు చాలనుకుని వెళ్లండి. ఆ ముగ్గురితో ఏం చేయాలో చూద్దాం.

ముందు మీ పరిచయ వాక్యం సంగతి. ‘క్యూఏ ఇంజనీర్‌ని’ అన్న మాట ఎదుటి మనిషికి ఏం ఇస్తోందో ఒకసారి ఆలోచించండి. ఆ పని తెలిసినవాళ్లకు అందులో కొత్తగా అడగడానికి ఏమీ లేదు. తెలియనివాళ్లకు ఏం అడగాలో తెలియదు. తెలియదని చెప్పుకోవడానికి మొహమాటం కూడా. ఎటు చూసినా వాళ్లకు మిగిలేది ‘ఓ, నైస్’ ఒక్కటే. దాన్ని మీ మీద ఆసక్తి లేకపోవడం అనుకోకండి. మీరు హోదా చెప్పారు, దానికి మర్యాదగా తలూపారు, అంతే. విజిటింగ్ కార్డు మీద అచ్చయ్యే మాటలన్నిటికీ ఇదే గతి. సీనియర్ మేనేజర్, కన్సల్టెంట్, అసోసియేట్, ఏది చెప్పినా అవతల నుంచి వచ్చేది ఆ రెండు ముక్కలే.

హోదా బదులు ఆ హోదాలో మీరు నిజంగా చేసే ఒక పని చెప్పండి. వీలైతే ఈ వారం చేస్తున్నది చెప్పండి. మీ విషయంలో ఇలా ఉండొచ్చు: “నర్సులు రోగికి ఏ మందు ఎప్పుడిచ్చారో కంప్యూటర్‌లోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్ ఉంటుంది కదండీ, అది ఆసుపత్రికి వెళ్లే ముందు మా దగ్గరికొస్తుంది. దాన్ని ఎన్ని రకాలుగా తప్పుగా వాడొచ్చో కనిపెట్టడం నా పని. ఈ నెలంతా ఒకే మందు రెండుసార్లు ఎక్కిస్తే ఏమవుతుందో చూస్తూ కూర్చున్నాను.”

చెప్పి చూసుకోండి, ఓ పదిహేను సెకన్లు పడుతుంది. అందులో ఎదుటివాళ్లు పట్టుకోవడానికి కనీసం మూడు చోట్లున్నాయి. ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు నర్సుల మాట పట్టుకుంటారు. మీ పనితో ఏ సంబంధమూ లేనివాళ్లకు ‘తప్పుగా వాడటమే పనా?’ అని నవ్వొస్తుంది. సాంకేతిక రంగం వాళ్లు ‘రెండుసార్లు ఎక్కిస్తే ఏమవుతోంది మరి?’ అంటారు. ఏది పట్టుకున్నా మీకు సరదాగా చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది, ఎందుకంటే అది మీ సొంత వారం.

కొందరు దీన్ని ముప్ఫై సెకన్ల ప్రసంగంలా బట్టీ పట్టించి పంపుతారు. పెట్టుబడి అడగడానికి వెళ్లినవాళ్లకు అది పనికొస్తుందేమో గానీ, మామూలు పరిచయాల్లో నాకు నచ్చదు. అన్నీ తనే చెప్పేసుకున్న మనిషిని అడగడానికి ఇంకేముంటుంది? పరిచయంలో ఏదో ఒకటి మిగిల్చి చెప్పాలి. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. మీ పనిలో బయటికి చెప్పకూడనివి ఉంటాయి. ఏ ఆసుపత్రి మీ కస్టమరో, ఇంకా సరిచేయని లోపం ఎక్కడుందో చెప్పకండి. ‘రెండుసార్లు ఎక్కిస్తే’ వరకు ఎవరైనా ఊహించగల విషయమే కాబట్టి ఫరవాలేదు. ఆ గీత ఎక్కడుందో ఇంట్లోనే తేల్చుకుని వెళ్తే అక్కడ నాలుక తడబడదు.

ఆ రెండు మూడు వాక్యాలు ముందే సిద్ధంగా ఉంచుకోమనడానికి ఇంకో కారణముంది. అది మీరడిగిన పేర్ల సమస్యకు సంబంధించింది. 1973లో మాల్కం బ్రెన్నర్ అనే మనస్తత్వ పరిశోధకుడు కొంతమందిని కూర్చోబెట్టి, వంతులవారీగా ఒక్కొక్కరి చేత ఒక్కో పదం పైకి చదివించాడు. తర్వాత ఎవరికి ఏ పదాలు గుర్తున్నాయో అడిగితే, తన వంతుకు కాస్త ముందు పక్కవాళ్లు చదివిన పదాలు చాలామందికి సరిగ్గా గుర్తులేవు. చెవిలో పడలేదని కాదు, ‘ఇప్పుడు నా వంతు’ అన్న ఆలోచనలో అవి మనసులో నిలవలేదు. పరిచయాల్లో జరిగేది అచ్చం ఇదే. ఎదుటి మనిషి పేరు చెబుతున్న ఆ రెండు సెకన్లలో మీరు లోపల మీ వాక్యం కూర్చుకుంటూ ఉంటారు. కాబట్టి మీ జ్ఞాపకశక్తిని తప్పు పట్టాల్సిన పనిలేదు. మీ మాట ముందే తయారుగా ఉంటే ఆ రెండు సెకన్లూ వాళ్లకివ్వొచ్చు. అయినా పేరు జారిపోయిందనుకోండి, అప్పటికప్పుడు ‘క్షమించండి, పేరు సరిగ్గా వినలేదు, మళ్లీ చెప్తారా?’ అంటే సరిపోతుంది. మొదటి నిమిషంలో ఆ మాట మర్యాదగానే ఉంటుంది. ఇరవై నిమిషాలు కబుర్లాడాక అడిగితేనే ఇద్దరికీ ఇబ్బంది.

ఇక మీరు ఆగిపోతున్న అసలు చోటికొద్దాం. ఉదాహరణకు మీకు ఒకావిడ ఎదురయ్యారనుకుందాం. మీరు పైన చెప్పినట్టు పరిచయం చేసుకున్నారు. ఆవిడ ఇలా అన్నారు: “ఆసుపత్రుల్లో కొత్త సిస్టమ్ పెట్టినప్పుడు స్టాఫ్‌కి ట్రైనింగ్ ఇస్తుంటానండీ. ఇదివరకు నర్సింగ్‌లోనే ఉండేదాన్ని లెండి.”

మీ ఉత్తరంలో రాసిన పద్ధతిలో అయితే మిగతాది ఇలా సాగుతుంది.

“ఓ, బాగుందండీ. ఎన్నేళ్లయింది?”
“నాలుగేళ్లు.”
“టీమ్‌లో ఎంతమంది?”
“ఏడుగురం.”
“ట్రావెల్ ఎక్కువగా ఉంటుందా?”
“ఉంటుందండీ.”

ఆ జవాబులు చూడండి. ఒక అంకె, ఇంకో అంకె, ఒక అవును. ఆవిడ ముభావంగా ఉన్నారని మీకనిపిస్తుంది, కానీ ఆ ప్రశ్నలకు మాటకారి అయినా అంతకంటే ఏం చెబుతారు? ఇంటర్వ్యూలా ఉందని మీకనిపించడానికి కారణం ఇంకోటుంది. మూడు ప్రశ్నల్లో ఒక్కటి కూడా ఆవిడ చెప్పిన దానిలోంచి పుట్టలేదు. ఆవిడ ఏం చెప్పినా, అసలు ఆ స్థానంలో ఎవరున్నా, మీరు అవే అడిగేవారు. ఇది వాళ్లకు తెలిసిపోతుంది. చేతిలో ఫారం లేదు గానీ నింపుతున్నది ఫారమే.

అదే పలకరింపు ఇంకోలా సాగనిద్దాం.

“నర్సింగ్‌లో ఉండేవారా! అయితే వాళ్లు ఎక్కడ తడబడతారో మీకు ముందే తెలిసిపోతుందేమో?”

“తెలుస్తుందండీ. మొదట్లో అదే ఇబ్బందైంది. అన్నీ నాకు తెలుసు కదా అని గబగబా చెప్పుకుంటూ పోయేదాన్ని.”

“మరి తర్వాత ఎలా మార్చుకున్నారు?”

“ఒకసారి క్లాసులో ఒకమ్మాయి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. ఇంటరెస్ట్ లేదేమో అనుకున్నా. తీరా చూస్తే రాత్రి డ్యూటీ దిగి అటునుంచి అటే వచ్చిందట. అప్పట్నుంచి క్లాసు మొదలుపెట్టే ముందే అడుగుతున్నా, డ్యూటీ దిగి వచ్చినవాళ్లెవరు, ఎక్కబోయేవాళ్లెవరు అని.”

“ఈ సంగతి మాకు తట్టనే తట్టదండీ. మేం టెస్ట్ చేసేది పగలు, కుదురుగా కూర్చుని. ఒకే మందు రెండుసార్లు ఎక్కించడం నిన్న ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు గానీ, నిద్రమత్తులో ఉన్న మనిషి ఎలా నొక్కుతారో నేనెప్పుడూ చూడలేదు. అలాంటప్పుడు ఎక్కువగా ఏ తప్పు జరుగుతుంది?”

“అది అడగండి! సేవ్ అయిందో లేదో తెలియక మళ్లీ నొక్కుతారు. స్క్రీన్ ఒక్క క్షణం కదలకపోతే చాలు…”

ఇక్కడి నుంచి మీకు నా సాయం అక్కర్లేదు. మీరు నెల రోజులుగా తల పగలగొట్టుకుంటున్న విషయానికి ఆవిడ దగ్గర సగం జవాబుంది, ఆవిడకేమో ఆ బాధ వినే మనిషి దొరికారు.

ఇందులో జరిగింది నెమ్మదిగా చూద్దాం. మీ మొదటి మాట ఆవిడ నోటి నుంచి వచ్చిన పదమే: నర్సింగ్. దానికి మీరు ఒక ఊహ జోడించారు, ‘తెలిసిపోతుందేమో’ అని. ఊహ తప్పయినా నష్టం లేదు. ‘అబ్బే, అదేం లేదండీ, నేను వదిలేసే నాటికి అసలు ఈ సిస్టమ్‌లే లేవు’ అనేవారు, అదీ ఒక కథే. మనం తప్పు చెబితే సరిదిద్దాలని ఎవరికైనా ఉంటుంది, కాబట్టి అనుమానంగా అన్న ఊహ చాలాసార్లు నేరుగా అడిగిన ప్రశ్న కంటే బాగా పనిచేస్తుంది. అయితే ఊహ వాళ్లకు గౌరవంగా ఉండాలి. ‘నర్సింగ్ కష్టమని వదిలేశారేమో’ అనేది కూడా ఊహే, కానీ దానితో మాటలు అక్కడికక్కడే చల్లారిపోతాయి.

రెండో మాట, ‘ఎలా మార్చుకున్నారు’, ఆవిడ రెండో జవాబులోంచి పుట్టింది. ఇలా చెప్పిన దాని మీదే మళ్లీ అడిగే ప్రశ్నల గురించి హార్వర్డ్ పరిశోధకులు 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. ముఖపరిచయం లేనివాళ్ల సంభాషణలు తీసుకుని చూస్తే, ఎక్కువ ప్రశ్నలు అడిగినవాళ్లు ఎదుటివాళ్లకు ఎక్కువ నచ్చారు. ఆ ప్రశ్నల్లోనూ ఈ అల్లుకుపోయే రకానిదే పైచేయి అని తేలింది. విషయం మార్చేసే ప్రశ్నలకు ఆ బలం లేదు. వింటున్నామని నోటితో చెప్పుకోనక్కర్లేదు, వినకుండా అలాంటి ప్రశ్న అడగలేం కదా.

మూడోసారి మీరు వెంటనే ప్రశ్న అడగలేదు, ముందు మీ సంగతి చెప్పారు. ఇది చాలామంది మర్చిపోయే మెట్టు. ప్రశ్నలు ఎంత మంచివైనా వరసగా మూడు దాటితే ఎదుటివాళ్లు బోనులో నిలబడినట్టవుతారు. తన గురించి ఇంత చెప్పాను, ఈ మనిషి మాత్రం ఏమీ చెప్పడం లేదే అనిపిస్తుంది. నా లెక్క ఏమిటంటే, రెండు ప్రశ్నలయ్యాక నా వైపు నుంచి ఒక ముక్క పడాలి. ఆ ముక్క చిన్నగా ఉండాలి, వాళ్లు చెప్పిన దానికి తగలాలి, చివర్న బంతి మళ్లీ వాళ్ల చేతిలోనే ఉండాలి. ‘మాకూ అంతేనండీ, పోయిన ఏడాది మా ఆఫీసులో ఏమైందంటే’ అని మొదలుపెట్టి నాలుగు నిమిషాలు లాగామంటే అది వాళ్ల కథను లాక్కోవడమే. దీన్ని గుర్తుపట్టడం తేలిక: మీరు ముగించాక వాళ్లు తమ విషయానికి తిరిగి వస్తున్నారా, లేక ‘అవునా’ అని ఊరుకుంటున్నారా? ఊరుకుంటే, ‘మధ్యలో నేనే అందుకున్నాను, ఆ అమ్మాయి సంగతి చెబుతున్నారు మీరు’ అని దారి ఇచ్చేయండి. ఏం మునిగిపోలేదు.

‘అన్నీ మీరు కల్పించిన మాటలు కాబట్టి అందులో పట్టు దొరికింది, నిజంగా వాళ్లు ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటే?’ అని మీరు అడగొచ్చు. ఒక్క ముక్కలో కూడా చూసుకోవాల్సిన చోట్లుంటాయి. ఇన్నేళ్లలో నాకు అలవాటైన కిటుకు ఒకటి చెబుతాను. మనవాళ్లు అసలు సంగతిని పెద్ద మాటల్లో పెట్టరు, చిన్న చిన్న తోకల్లో దాస్తారు. ‘ఇదివరకు నర్సింగ్‌లోనే ఉండేదాన్ని లెండి’లో ఆ ‘లెండి’ చూడండి. దాని గురించి చెప్పాలనీ ఉంది, మీకు ఆసక్తి ఉంటుందో లేదోననీ ఉంది. తలుపు ఓరగా తీసి పెట్టినట్టు. ‘ప్రస్తుతానికి సేల్స్ చూస్తున్నా’లో ‘ప్రస్తుతానికి’ అంటే ముందు ఇంకేదో ఉంది, లేదా తర్వాత ఇంకేదో చేద్దామని ఉంది. ‘ఇప్పటికీ అక్కడే’, ‘ఈసారి మాత్రం’, ‘మొత్తానికి పూర్తయింది’, ‘అనుకోకుండా ఇటొచ్చా’ లాంటివన్నీ అంతే. వాక్యంలో అవి తీసేసినా అర్థం చెడదు, అయినా మనిషి వాటిని అక్కడ పెట్టారు. ఊరికే పెట్టలేదు. ‘ప్రస్తుతానికి అంటున్నారు, అంటే మారబోతున్నారా?’ అని నవ్వుతూ అడిగితే, పదిమందిలో ఏడెనిమిది మంది నోరు విప్పడం నేను చూశాను. మిగిలిన ఇద్దరు ముగ్గురూ ఊరికే అలవాటుగా అన్నవాళ్లు, వాళ్లూ ఏమీ అనుకోలేదు.

ఇందులో నేను దెబ్బతిన్న సందర్భం కూడా చెప్పాలి. ఒక సమావేశంలో ఒకాయన ‘మొన్నటిదాకా ఫలానా చోట చేశాను’ అన్నారు. తోక దొరికింది కదా అని ‘ఎందుకు మానేశారు?’ అన్నాను. ఆయన రెండు సెకన్లు ఆగి, ‘మానలేదండీ, మాన్పించారు’ అన్నారు. ఆ తర్వాత ఇద్దరం చాలా శ్రద్ధగా వేదిక వైపు చూశాం. అక్కడ ఎవరూ లేరు. తప్పు తోక పట్టుకోవడంలో లేదు, ‘ఎందుకు’ అనడంలో ఉంది. కొత్తగా కలిసిన మనిషి నోట ‘ఎందుకు’ అన్న మాట సంజాయిషీ అడిగినట్టుంటుంది. ఎందుకు మానేశారు, ఎందుకు ఈ రంగం ఎంచుకున్నారు, ఎందుకు సొంతంగా పెట్టారు… ఒక్కోదానికీ తమను తాము సమర్థించుకోవాలి. అదే ‘ఎలా’, ‘ఏమిటి’లతో అడిగితే ఎంతవరకు చెప్పాలో వాళ్ల చేతిలోనే ఉంటుంది. ‘ఇప్పుడు ఏం చూస్తున్నారు మరి?’ అని అడిగి ఉంటే, ఆయన చెప్పాలనుకుంటే చెప్పేవారు, లేదంటే కొత్త పని గురించి మాట్లాడేవారు. ఉద్యోగం మారిన సంగతి వచ్చినప్పుడల్లా నేను ఇప్పటికీ ఒక క్షణం ఆగి, ‘ఎందుకు’ని మింగేసి అడుగుతాను.

మీరు రాసిన ఆ నవ్వుమొహాల మౌనం గురించి రెండు మాటలు. వేర్వేరు దేశాలకు చెందిన పది భాషల్లో సంభాషణలు రికార్డు చేసి, 2009లో ఒక పరిశోధక బృందం ఒకరు ప్రశ్న ఆపాక ఇంకొకరు జవాబు మొదలుపెట్టడానికి ఎంత వ్యవధి పడుతుందో కొలిచింది. భాషను బట్టి కాస్త అటూ ఇటూ ఉన్నా, సగటున అది సెకనులో అయిదో వంతు దరిదాపుల్లోనే ఉంది. మనం అంత వేగానికి అలవాటుపడ్డాం కాబట్టి, ఒక్క సెకను ఖాళీ వచ్చినా ఎంతోసేపు ఆగిపోయినట్టు అనిపిస్తుంది. మీరు టెన్షన్ పడి ‘టీమ్‌లో ఎంతమంది’ అని విసిరేది సరిగ్గా ఆ సెకనులోనే. విసరకుండా ఉండి చూడండి. రెండు సెకన్లు పోనివ్వండి, మొహం వాళ్ల వైపే ఉంచి. చాలాసార్లు ఆ ఖాళీలో ఎదుటివాళ్లే తమ మాటకు ఇంకో వాక్యం కలుపుతారు. ఆ రెండో వాక్యం మొదటిదానికంటే పనికొచ్చేదై ఉంటుంది, ఎందుకంటే మొదటిది రోజూ అందరికీ చెప్పేది. వాళ్లు కలపలేదంటే, వాళ్లు అంతకుముందు అన్న పదాల్లోంచి ఒకటి వెతుక్కోవడానికి మీకు ఆ రెండు సెకన్లు సరిపోతాయి.

ఇంత చేసినా సాగని సంభాషణలు ఉంటాయి. కొందరు ఎవరికోసమో ఎదురుచూస్తూ ఉంటారు, కొందరు కాసేపట్లో వేదికెక్కి మాట్లాడాలి, కొందరికి ఆ గోలలో మీ మాట సగమే వినబడుతోంది. నేను రెండు ప్రయత్నాలు చేస్తాను. వాళ్లు చెప్పిన దాని మీద రెండుసార్లు అడిగినా జవాబు ఒక్క ముక్క దాటకపోతే, తిరిగి నన్నేమీ అడగకపోతే, అక్కడితో సరి. పాదాలు కూడా చెబుతాయి. మొహం మీ వైపే ఉండి నవ్వుతున్నా, కాళ్లు గది మధ్యకో తలుపు వైపుకో తిరిగి ఉంటే వాళ్లు వెళ్లాలనుకుంటున్నారేమో. పైన నేను రాసిన ఆవిడ లాంటివాళ్లయితే మాటల్లో పడి మీ వైపు ఒక అడుగు వేస్తారు, చేతిలో ఫోన్ జేబులోకో సంచిలోకో వెళ్లిపోతుంది.

గుంపుల్లో చేరడం గురించి మీరడగలేదు గానీ ఇక్కడే చెప్పేస్తాను. ఇద్దరు ఎదురెదురుగా దగ్గరగా నిలబడి మాట్లాడుకుంటుంటే వదిలేయండి. ముగ్గురు నలుగురు నిలబడి ఒక పక్క ఖాళీగా కనిపిస్తే అక్కడికి వెళ్లండి, వెళ్లి వెంటనే పేరు చెప్పకండి. నడుస్తున్న విషయం ఒక నిమిషం విని, దాని మీద ఒక ప్రశ్న అడిగితే పరిచయాలు వాటంతటవే వస్తాయి.

బాగా సాగుతున్న సంభాషణను ఆపడం కూడా మీ చేతుల్లోకి తీసుకోండి. 2021లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఇద్దరూ కోరుకున్న సమయానికి ముగిసిన సంభాషణలు దాదాపు లేవని తేలింది. అవతలివాళ్లకు ఎప్పుడు చాలనిపిస్తోందో మనకు తెలియదు, మనకెప్పుడు చాలనిపించిందో వాళ్లకు తెలియనివ్వం. అందుకని పది పదిహేను నిమిషాలయ్యాక, ఒక విషయం పూర్తయిన చోట, దారి తెరిచి చూడండి: ‘మిమ్మల్ని నేనే పట్టేసుకున్నాను, ఇంకా ఎవరినైనా కలవాలేమో మీరు.’ వెళ్లాలనుకునేవాళ్లు సంతోషంగా వెళ్తారు. ఉండాలనుకునేవాళ్లు ‘అబ్బే, ఏం లేదండీ’ అని కొనసాగిస్తారు, అప్పుడు మీకూ అనుమానం ఉండదు.

నంబర్ అడగడానికి మొహమాటం అన్నారు. పరిచయం కాగానే అడిగితే ఎవరికైనా మొహమాటంగానే ఉంటుంది, ఆ నంబర్‌తో ఏం చేస్తారో మీకూ తెలియదు, వాళ్లకూ తెలియదు. పంపాల్సింది ఏదైనా ఉన్నప్పుడు అడగండి. పైన రాసిన సంభాషణలో అది దానంతటదే వచ్చేసింది. ‘సేవ్ అయిందో లేదో తెలియక మళ్లీ నొక్కుతారన్నారు కదా, ఇంకా ఎక్కడెక్కడ అలా జరుగుతుందో మిమ్మల్ని ఒకసారి వివరంగా అడగాలనుంది. మీకు తీరిక ఉన్నప్పుడు మెసేజ్ పెట్టొచ్చా?’ అంటే నంబర్ వాళ్లే చెబుతారు. అలాంటిది ఏదీ రాలేదంటే అడగకండి, ‘కలవడం సంతోషమండీ’ అని పక్కకు జరగండి. ముగ్గురిలో ఒకరి నంబర్ అలా దొరికినా ఆ సాయంత్రానికి చాలు.

నంబర్ సేవ్ చేసుకునేటప్పుడు పేరు పక్కన కంపెనీ బదులు వాళ్లు చెప్పిన సంగతి రాసుకోండి: ‘ట్రైనింగ్, నైట్ డ్యూటీ అమ్మాయి, రెండుసార్లు సేవ్’. ఇంటికి బయల్దేరే ముందే రాయండి, మర్నాటికి ఆ అమ్మాయి ఎవరో మీకే గుర్తుండదు. మెసేజ్ మాత్రం మర్నాడు పెట్టొచ్చు, పొడుగు అక్కర్లేదు. “నిన్న మీరు చెప్పినట్టు సేవ్ బటన్ రెండుసార్లు నొక్కి చూశానండీ. మీ మాట బాగా పనికొచ్చింది. మిగతా చోట్ల గురించి ఎప్పుడు అడగమంటారు?”